సేంద్రియ తయారీలో దిగుబడి, శుద్ధత: పోయిన పదార్థానికి జమాఖర్చు

ఈనాటి పాఠంలో మనం కొత్త చర్య ఏదీ నేర్చుకోబోవడం లేదు. మీలో చాలామంది ఇప్పటికే చేసిన, లేదా త్వరలో చేయబోయే ఒక చిన్న తయారీని తీసుకుని, దాని చివర ప్రయోగ పుస్తకంలో రాసే రెండు అంకెలను పరిశీలిద్దాం. ఒకటి దిగుబడి శాతం, రెండోది శుద్ధత శాతం. ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకెగా రాయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఆ పొరపాటు ఎక్కడ జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

మనం తీసుకునే తయారీ ఎసిటనిలైడ్. ఢిల్లీలోని ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన పన్నెండో తరగతి ప్రయోగ కరదీపికలో ఇది ఉంది. డిగ్రీ తరగతుల్లోనూ ఎసిటైలీకరణానికి మొదటి ఉదాహరణగా చేయించేది దీన్నే. అనిలీన్‌ను ఎసిటిక్ ఆమ్లంలో కలిపి, దానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ చేర్చి, కొద్దిసేపు వేడిచేసి, ఆ మిశ్రమాన్ని మంచునీటిలో పోస్తాము. తెల్లని ఎసిటనిలైడ్ అడుగుకు చేరుతుంది. దాన్ని వడపోసి, వేడినీటి నుంచి పునఃస్ఫటికీకరణం చేస్తాము. అనిలీన్ చర్మం ద్వారా కూడా శరీరంలోకి పోయే విషం. ఎన్‌హైడ్రైడ్ ఆవిరి కళ్ళను మండిస్తుంది. కాబట్టి ఈ పని పొగగూడులో, చేతి తొడుగులతో చేయాలి.

ఢిల్లీ శివార్లలో, నోయిడా వైపున ఉన్న ఒక పాఠశాల ప్రయోగశాలలో, మార్చి నెలలో ఈ ప్రయోగం జరిగిందనుకోండి. ఆ రోజు గదిలో ఉష్ణమాపకం 25 డిగ్రీల సెల్సియస్ చూపుతోంది. ఒక విద్యార్థిని వడపోత ముగించి, గరాటు మీది పదార్థాన్ని వడపోత కాగితాల మధ్య అద్ది, తూచి, లెక్క కట్టింది. ఆ తరువాత కొంచెం సందేహంగా ఉపాధ్యాయుడి దగ్గరికి వచ్చింది.

"సార్, దిగుబడి 105 శాతం వచ్చింది. తప్పేమో అని 95 అని దిద్దమంటోంది పక్క బల్ల అమ్మాయి."

"దిద్దవద్దమ్మా. నువ్వు తూచింది నిజమే కదా? ఆ 105 ఎలా వచ్చిందో కనుక్కుందాం. అదే అసలు ప్రయోగం" అన్నాడాయన.

మనం కూడా అదే చేద్దాం.

ముందుగా సిద్ధాంత దిగుబడి. ఆ విద్యార్థిని తీసుకున్న అనిలీన్ 2.00 గ్రాములు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 2.5 మిల్లీలీటర్లు. చర్య ఇది:

C6H5NH2 + (CH3CO)2O → C6H5NHCOCH3 + CH3COOH

అనిలీన్ అణుభారం 93.13. కాబట్టి 2.00 గ్రాములంటే 0.0215 మోల్. ఎన్‌హైడ్రైడ్ సాంద్రత మిల్లీలీటరుకు 1.08 గ్రాములు కనుక 2.5 మిల్లీలీటర్ల బరువు 2.70 గ్రాములు. దాని అణుభారం 102.09తో భాగిస్తే 0.0264 మోల్. సమీకరణం ప్రకారం ఒక మోల్‌కు ఒక మోల్ కావాలి. ఎన్‌హైడ్రైడ్ ఎక్కువే ఉంది. ముందుగా అయిపోయేది అనిలీన్. అంటే ఇక్కడ పరిమిత కారకం అనిలీన్.

ఇక్కడ చాలామంది తడబడతారు. ఎన్‌హైడ్రైడ్ అణువులో రెండు ఎసిటైల్ సమూహాలు ఉన్నాయి కదా, ఒక అణువు రెండు అనిలీన్ అణువులకు సరిపోతుంది కదా అనుకుంటారు. ఈ పరిస్థితుల్లో అలా జరగదు. ఒక ఎసిటైల్ అనిలీన్ నత్రజని మీదికి పోతుంది, రెండోది ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. మరికొందరు రెండింటిలో దేని బరువు తక్కువో అదే పరిమిత కారకం అనుకుంటారు. పోల్చవలసింది గ్రాములను కాదు, మోల్‌లను.

ఎసిటనిలైడ్ అణుభారం 135.17. దాన్ని 0.02148 మోల్‌తో గుణిస్తే 2.90 గ్రాములు. చర్య పూర్తిగా జరిగి, ఒక్క రేణువు కూడా పోకుండా చేతికి వస్తే ఇంత రావాలి. మన జమాఖర్చు పుస్తకంలో జమ వైపు రాయవలసిన మొత్తం ఇదే. ఇక ఖర్చు వైపు చూద్దాం.

ఆమె తూచిన తడి పదార్థం 3.05 గ్రాములు. దీన్ని 2.90తో భాగించి 100తో గుణిస్తే 105 శాతం. పదార్థం శూన్యంలోంచి పుట్టదు. కాబట్టి ఇందులో ఎసిటనిలైడ్ కానిది ఏదో ఉంది. అన్నిటికంటే ముందు అనుమానించవలసింది నీటిని. పంపుతో పీల్చిన తరువాత కూడా, కాగితాల మధ్య అద్దిన తరువాత కూడా సన్నని స్ఫటికాల సందుల్లో నీరు మిగిలి ఉంటుంది. అది కంటికి కనపడదు, కానీ త్రాసుకు తెలుస్తుంది.

మరి ఆరిందని ఎలా తెలుసుకోవాలి? వేలితో తాకి కాదు. పదార్థాన్ని వాచ్ గ్లాసు మీద పలుచగా పరచి, ఆరబెట్టి, తూచి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. రెండు వరుస తూకాల మధ్య తేడా లేకపోతే అప్పుడు ఆరినట్టు. దీన్ని స్థిర భారం వచ్చేవరకు ఆరబెట్టడం అంటారు. మే నెలలో, ఢిల్లీలో వడగాలులు వీచే రోజుల్లో, ఒక మధ్యాహ్నం చాలు. ఆగస్టు వర్షాల్లో అయితే ఒక రాత్రంతా గదిలో ఉంచినా ఆరకపోవచ్చు. అప్పుడు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం గానీ, నిర్జల కాల్షియం క్లోరైడ్ గానీ ఉన్న శోషణపాత్రలో ఉంచాలి. 114 డిగ్రీల వద్ద కరిగే పదార్థం కనుక, ఆవిరి తొట్టె మీద ఆదరాబాదరాగా ఆరబెట్టవద్దు. తడితో ఉన్న ముడి పదార్థం అంతకంటే తక్కువలోనే మెత్తబడి ముద్దవుతుంది. ముద్దయితే లోపలి నీరు బయటికి రాదు.

మరునాడు తూచితే ఆ విద్యార్థిని పదార్థం 2.58 గ్రాములు. సాయంత్రం మళ్ళీ తూచినా 2.58 గ్రాములే. నిన్నటి 3.05లో 0.47 గ్రాములు నీరన్న మాట. ఇప్పుడు ముడి దిగుబడి 2.58ని 2.90తో భాగించగా 89 శాతం. ఈ అంకె నమ్మదగినట్టే కనిపిస్తుంది. కానీ దీనికి ముడి అనే విశేషణం తగిలించడం మరచిపోకూడదు. ఈ 2.58 గ్రాములూ ఎసిటనిలైడేనా అన్న ప్రశ్నకు మనకింకా జవాబు తెలియదు.

ఆమె ఆ ముడి పదార్థానికి ద్రవీభవన స్థానం చూసింది. శుద్ధమైన ఎసిటనిలైడ్ 113 నుంచి 115 డిగ్రీల మధ్య, ఒకటి రెండు డిగ్రీల వ్యవధిలో చటుక్కున కరుగుతుంది. ఈమె పదార్థం 108 దగ్గర మెత్తబడి 112 దగ్గర పూర్తిగా కరిగింది. రంగు కూడా కాస్త గోధుమ వన్నె. అనిలీన్ పాతబడితే గాలి తగిలి అలా ముదురు రంగు తెచ్చుకుంటుంది, ఆ రంగు పదార్థానికీ అంటుతుంది. కాబట్టి మలినం ఉంది. ఎంత ఉంది? ద్రవీభవన స్థానం ఆ సంగతి చెప్పదు. కరిగే ఉష్ణోగ్రత తగ్గడం, వ్యవధి పెరగడం మలినం ఉందనడానికి గుర్తులు మాత్రమే. నాలుగు డిగ్రీల వ్యవధికి ఇన్ని శాతం అని చెప్పే సూత్రం ప్రయోగశాల బల్ల మీద లేదు.

తరువాత పునఃస్ఫటికీకరణం. ఎసిటనిలైడ్ ఒక గ్రాము కరగడానికి కాగుతున్న నీరు సుమారు 20 మిల్లీలీటర్లు కావాలి. ఆమె 60 మిల్లీలీటర్ల నీరు తీసుకుంది, ఇది కాస్త ఎక్కువే. పదార్థం కరిగే సమయంలో అడుగున నూనె బొట్లలాంటివి కనిపించాయి. అవి మలినం కాదు. సుమారు 83 డిగ్రీలు దాటాక, ఇంకా కరగని ఎసిటనిలైడ్ నీటితో కలిసి ఒక బరువైన ద్రవంగా వేరుపడుతుంది. కొందరు దాన్ని చెత్త అనుకుని వడపోతలో వదిలేస్తారు. దానితో దిగుబడిలో పెద్ద వాటా పోతుంది. మరికొంచెం వేడినీరు పోసి కలియబెడితే ఆ బొట్లు కరిగిపోతాయి. రంగు పోవడానికి ఆమె చిటికెడు ఉత్తేజిత బొగ్గు వేసి, వేడిగా ఉండగానే వడపోసి, నెమ్మదిగా చల్లార్చింది. పొరలు పొరలుగా మెరిసే తెల్లని స్ఫటికాలు వచ్చాయి. వాటిని వడపోసి, 5 మిల్లీలీటర్ల చల్లని స్వేదనజలంతో కడిగి, స్థిర భారం వచ్చేదాకా ఆరబెట్టి తూచింది. 2.09 గ్రాములు. ద్రవీభవన స్థానం 113 నుంచి 114.

ఇప్పుడు మొత్తం పాఠానికి కీలకమైన చోటుకి వచ్చాం. ఆమె తన పుస్తకంలో ఇలా రాసింది: శుద్ధత శాతం, 2.09ని 2.58తో భాగించగా, 81. అంటే ముడి పదార్థంలో 19 శాతం మలినమని ఆమె ఉద్దేశం.

ఇది శుద్ధత కాదు. ఇది తిరిగి రాబట్టిన శాతం మాత్రమే. 2.58 గ్రాముల నుంచి 2.09 గ్రాములు చేతికి వచ్చాయి, 0.49 గ్రాములు రాలేదు. రాని 0.49 అంతా మలినమేనని ఎవరు చెప్పారు? అందులో మంచి ఎసిటనిలైడ్ కూడా ఉంది. వడపోసిన తరువాత మిగిలిన ద్రవాన్ని, అంటే మాతృద్రవాన్ని, ఆమె తొట్టిలో పారబోయబోతుంటే ఉపాధ్యాయుడు ఆపాడు.

"ఆగమ్మా. నీ 0.49 గ్రాముల లెక్క ఆ బీకరులోనే ఉంది."

ఇక్కడ ద్రావణీయత అనే సంగతి గుర్తు చేసుకోవాలి. చల్లబడిన నీటిలో ఎసిటనిలైడ్ పూర్తిగా కరగకుండా ఉండదు. 25 డిగ్రీల వద్ద 100 మిల్లీలీటర్ల నీరు సుమారు 0.55 గ్రాముల ఎసిటనిలైడ్‌ను తనలో ఉంచుకుంటుంది. ఎంత శుద్ధమైన పదార్థాన్ని తీసుకున్నా, ఎంత నేర్పుగా చేసినా, ఆ మేరకు నీటికి చెల్లించక తప్పదు. ఆమె మాతృద్రవాన్ని కొలిస్తే 55 మిల్లీలీటర్లు, కడిగిన నీరు 5 మిల్లీలీటర్లు, మొత్తం 60. అంటే 60 మిల్లీలీటర్లలో కరిగి ఉండదగిన ఎసిటనిలైడ్ 0.33 గ్రాములు. పోయిందనుకున్న 0.49లో మూడింట రెండు వంతులు ఇలాగే పోయింది.

మరి మాతృద్రవంలో నిజంగా మొత్తం ఎంత పదార్థం ఉంది? దాన్నీ తూచవచ్చు. ముందుగా తూచిన పింగాణీ గిన్నెలో 20 మిల్లీలీటర్ల ద్రవం పోసి, నీటితొట్టె మీద నెమ్మదిగా ఆవిరి చేసి, మిగిలిన దాన్ని మిల్లీగ్రాములు తూచే త్రాసు మీద తూచారు. 0.156 గ్రాములు. తొందరపడి మంట మీద మరిగించకూడదు. ఎసిటనిలైడ్ కొంత ఆవిరితోపాటు ఎగిరిపోతుంది, లెక్క తక్కువ చూపుతుంది.

ఈ 0.156లో ఇంకో చిక్కు ఉంది. ఆ రోజు స్వేదనజలం కొద్దిగానే ఉండడంతో స్ఫటికీకరణానికి ఆమె కుళాయి నీరు వాడింది. అది బోరుబావి నీరు. ఢిల్లీ చుట్టుపక్కల చాలాచోట్ల భూగర్భజలంలో కరిగిన లవణాలు ఎక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, వేరే వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తుంది. నీరు ఆవిరైపోతే ఆ లవణాలు గిన్నెలోనే మిగులుతాయి. అందుకని అదే కుళాయి నీరు 20 మిల్లీలీటర్లు వేరే గిన్నెలో ఆవిరి చేసి చూశారు. తెల్లని పొర మిగిలింది, బరువు 0.020 గ్రాములు. అంటే ఆ నీటిలో లీటరుకు సుమారు 1000 మిల్లీగ్రాముల లవణాలు. ఇలా పదార్థం లేకుండా నీటిని మాత్రమే పరీక్షించడాన్ని శూన్య పరీక్ష అంటారు. దాన్ని తీసివేస్తే 0.136 గ్రాములు మిగిలాయి. ఇది 20 మిల్లీలీటర్లకు. 60 మిల్లీలీటర్లకు 0.41 గ్రాములు.

ఆ శూన్య పరీక్ష చేయకపోయి ఉంటే మాతృద్రవంలో 0.47 గ్రాములు ఉందనుకునే వాళ్ళం. తేడా 0.06 గ్రాములే కదా అనిపించవచ్చు. కానీ మనం వెతుకుతున్న మలినం కూడా దాదాపు అంతే ఉంటుందని ఇప్పుడే చూస్తారు. కుళాయిలోంచి వచ్చిన లవణాన్ని అనిలీన్ తాలూకు మలినంగా లెక్కించి ఉండేవాళ్ళం.

బొగ్గు, వడపోత కాగితం కూడా మిగిలాయి. వాటిని వాడకముందు ఆమె తూచి ఉంచింది. వాడిన తరువాత ఆరబెట్టి తూచితే 0.05 గ్రాములు పెరిగింది. బొగ్గు రంగును పీల్చుకునేటప్పుడు మంచి పదార్థాన్ని కూడా కొంత పట్టుకుంటుంది. పైగా వేడి ద్రావణం గరాటు మీద చల్లబడితే కాగితం మడతల్లో స్ఫటికాలు పుడతాయి. గరాటును ముందే వేడిచేసి ఉంచమని చెప్పేది అందుకే.

ఇప్పుడు ఖర్చు రాద్దాం. చేతికి వచ్చినది 2.09, మాతృద్రవంలో 0.41, కాగితం మీద బొగ్గులో 0.05. మొత్తం 2.55. మనం మొదలుపెట్టింది 2.58తో. తేడా 0.03 గ్రాములు. అది కుప్పె గోడలకు, గాజుకడ్డీకి, గరిటెకు అంటుకున్నది. లెక్క సరిపోయింది.

మాతృద్రవంలోని 0.41 గ్రాములలో నీటి ద్రావణీయత వల్ల ఉండదగిన ఎసిటనిలైడ్ 0.33. మిగతా 0.08 గ్రాములకు ద్రావణీయత కారణం కాదు. స్ఫటికాలలో చేరకుండా నీటిలో ఉండిపోయిన మలినం అదే. ముడి పదార్థంలో 0.08 గ్రాములు మలినమైతే 2.50 గ్రాములు ఎసిటనిలైడ్. శుద్ధత 2.50ని 2.58తో భాగించగా సుమారు 97 శాతం.

ఆమె రాసిన 81కీ ఈ 97కీ ఎంత దూరం ఉందో చూడండి. అదే ముడి పదార్థాన్ని ఆమె 60కి బదులు 120 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి ఉంటే నీటిలో రెట్టింపు పదార్థం ఉండిపోయేది, చేతికి 1.76 గ్రాముల లోపే వచ్చేది. ఆమె పద్ధతిలో శుద్ధత 68 శాతం అని రాసి ఉండేది. పదార్థం మారలేదు, మలినం మారలేదు, పోసిన నీరు మాత్రమే మారింది. పోసిన నీటిని బట్టి మారిపోయే అంకె పదార్థపు శుద్ధత ఎలా అవుతుంది?

అయితే ఈ 97ను కూడా ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవాలి. దీన్ని 96.9 అని రాయకూడదు. గదిలో 25 డిగ్రీలు ఉన్నా మాతృద్రవం ఇంకా 28 దగ్గరే ఉండి ఉంటే అందులో 0.33 కంటే ఎక్కువ ఎసిటనిలైడ్ కరిగి ఉంటుంది. అప్పుడు మలినం మనం అనుకున్నదానికంటే తక్కువ. స్ఫటికాలు పూర్తిగా పడకముందే తొందరపడి వడపోస్తే, ద్రావణం అతిసంతృప్తంగా ఉండి అదే పొరపాటు వస్తుంది. కాబట్టి ఉష్ణమాపకాన్ని గాలిలో కాదు, ఆ ద్రవంలోనే ముంచి చూడాలి, అరగంట ఆగి వడపోయాలి. ఇవి పాటించినా, 96కీ 98కీ మధ్య అనడమే నిజాయితీ. ఇంతకంటే కచ్చితంగా కావాలంటే అంశమాపనం గానీ, క్రొమటోగ్రఫీ గానీ చేయాలి.

ఇప్పుడు మొదటి మెట్టుకు తిరిగి వెళ్దాం. సిద్ధాంతం ప్రకారం 2.90 గ్రాములు రావాలి. ముడి పదార్థంలో నిజమైన ఎసిటనిలైడ్ 2.50. అంటే మొదటి వడపోతకు ముందే 0.40 గ్రాములు తప్పిపోయింది. ఆ వడపోతలో కిందికి దిగిన ద్రవం, కడిగిన నీరు కలిపి 45 మిల్లీలీటర్లు. అది 25 డిగ్రీల నీరైతే 0.25 గ్రాములు పట్టుకుంటుంది. మంచు చల్లదనం దీన్ని తగ్గిస్తుంది, అందులోని ఎసిటిక్ ఆమ్లం పెంచుతుంది. కాబట్టి ఇది అంచనా మాత్రమే. మిగతా 0.15 గ్రాములు చర్య జరగకుండా మిగిలిన అనిలీన్, కుప్పె గోడలకు అంటినది కలిపి అనుకోవాలి. ఈ రెండింటినీ విడదీయడానికి ఆమె దగ్గర ఆధారం లేదు, కాబట్టి విడదీసి రాయలేదు. తెలియనిదాన్ని ఒకే పద్దు కింద ఉంచడం తప్పు కాదు. దాన్ని ఊహతో రెండు పద్దులుగా చీల్చడం తప్పు.

ఆమె ప్రయోగ పుస్తకంలో చివరికి ఈ నాలుగు వాక్యాలు మిగిలాయి. సిద్ధాంత దిగుబడిలో 72 శాతం శుద్ధ పదార్థంగా చేతికి వచ్చింది. సుమారు 11 శాతం రెండో మాతృద్రవంలో కరిగి ఉంది. సుమారు 3 శాతం కాగితానికి, బొగ్గుకు, గాజుకు అంటింది. మిగతా 14 శాతం చర్యలోనూ మొదటి వడపోతలోనూ తప్పిపోయింది. కూడితే వంద. 105 అని మొదలైన లెక్క 72 దగ్గర ఆగింది. 105లో ఆమెకు నీటి సంగతి కూడా తెలియదు. 72లో మాత్రం ప్రతి గ్రాము ఎటు పోయిందో తెలుసు.

ఈ జమాఖర్చు వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. తరువాతిసారి ఏం మార్చాలో అదే చెబుతుంది. ఆ 11 శాతం నీటిలో ఉంది కనుక దాన్ని కొంత వెనక్కి రాబట్టవచ్చు. మాతృద్రవాన్ని 15 మిల్లీలీటర్లకు ఇగిర్చి చల్లారిస్తే, అందులో 0.08 గ్రాములు కరిగి ఉండిపోగా, 0.25 గ్రాముల దాకా రెండో పంటగా పడవచ్చు. కానీ మలినం కూడా ఆ కొద్ది నీటిలోకే చేరింది కనుక రెండో పంట మొదటి దానంత శుద్ధంగా ఉండదు. దాని ద్రవీభవన స్థానం విడిగా చూసి, విడిగా రాయాలి. చూడకుండా మొదటి పంటలో కలిపేస్తే దిగుబడి పెరుగుతుంది, కష్టపడి సాధించిన శుద్ధత పోతుంది.

ఋతువు సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. జనవరిలో ఢిల్లీ ప్రయోగశాలలో నీరు 12 డిగ్రీలకు చల్లబడుతుంది. జూన్‌లో అదే బీకరు 35 దగ్గర ఆగిపోతుంది. నీరు ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఎసిటనిలైడ్‌ను ఉంచుకుంటుంది. జనవరిలో చేసిన వారికి ఎక్కువ, జూన్‌లో చేసిన వారికి తక్కువ దిగుబడి రావడంలో చేతి నేర్పు పాత్ర చాలా కొంచెం. అందువల్ల దిగుబడి పక్కన, చల్లార్చిన ఉష్ణోగ్రత రాయండి. బీకరును మంచులో ఉంచితే ఋతువుల తేడా చాలావరకు పోతుంది.

చిన్న పరిమాణంలో చేసేటప్పుడు మరో సంగతి గమనించాలి. నీటిలో పోయేది మనం పోసిన నీటిని బట్టి ఉంటుంది. పదార్థం పదో వంతు తీసుకుంటే నీరు కూడా పదో వంతు పోస్తాము, కాబట్టి ఆ నష్టం శాతంలో మారదు. కానీ కాగితానికి, గాజుకు అంటేది అలా తగ్గదు. మన ప్రయోగంలో అది 0.08 గ్రాములు, 2.90లో 3 శాతం లోపే. అదే పాత్రలు, అదే కాగితం వాడి 0.20 గ్రాముల అనిలీన్‌తో చేస్తే సిద్ధాంత దిగుబడి 0.29 గ్రాములు. అందులో 0.08 పోతే 28 శాతం పోయినట్టే. అందుకే పదార్థం తగ్గినకొద్దీ చిన్న పాత్రలు, చిన్న కాగితాలు వాడాలి, ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మార్చడం తగ్గించాలి.

ఆఖరుగా, ఆ 3 శాతం మలినం గురించి ఇంత తాపత్రయం ఎందుకని అడగవచ్చు. ఎసిటనిలైడ్ ఒకప్పుడు మందు. 1886లో దానికి జ్వరం తగ్గించే గుణం ఉందని తెలిసి, యాంటీఫెబ్రిన్ అనే పేరుతో అమ్మారు. వాడిన వారిలో కొందరికి పెదవులు, గోళ్ళు నీలంగా మారాయి. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారడమే కారణం. 1948లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు చూపించిన ప్రకారం, జ్వరాన్ని తగ్గించేది శరీరంలో ఎసిటనిలైడ్ నుంచి ఏర్పడే పారాసిటమాల్. రక్తాన్ని చెడగొట్టేది అదే ఎసిటనిలైడ్ నుంచి కొద్దిగా ఏర్పడే అనిలీన్. మనం మాతృద్రవంలో పట్టుకున్న మలినంలో ఉండగల పదార్థాల్లో మొదటిది ఆ అనిలీనే. మనం చేసింది మందు కాదు, దాన్ని నోట పెట్టుకోకూడదు. కానీ గిన్నెలో మిగిలిన 0.08 గ్రాములను లెక్కలోకి తెచ్చే అలవాటు ఎందుకో దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

మీరు ఈ ప్రయోగం చేసినప్పుడు మీ పుస్తకంలో ఐదు తూకాలు తప్పకుండా ఉండాలి: తీసుకున్న అనిలీన్, ఆరిన ముడి పదార్థం, ఆరిన స్ఫటికాలు, మాతృద్రవపు ఆవిరి శేషం, శూన్య పరీక్ష శేషం. వాటి పక్కన రెండు ఘనపరిమాణాలు, ఒక ఉష్ణోగ్రత, రెండు ద్రవీభవన స్థానాలు. మాతృద్రవాన్ని స్ఫటికాలు తూచి లెక్క ముగిసేదాకా పారబోయవద్దు. లెక్క కలవకపోతే అంకెను దిద్దవద్దు. కలవలేదని రాసి, ఏ పద్దు దగ్గర కలవలేదో చెప్పండి.